షేరు కొనేముందు ఫ్రీ ఫ్లోట్ లెక్క వేసుకోవడం ఎలా

2020 జనవరి 27న రుచి సోయా షేరు మళ్లీ ట్రేడింగ్‌కు వచ్చింది. దివాలా ప్రక్రియలో పతంజలి ఆ కంపెనీని కొనుక్కున్నాక అదే మొదటి రోజు. ధర 16, 17 రూపాయల దగ్గర ఉంది. జూన్ నెలాఖరుకి అదే షేరు 1,500 రూపాయలు దాటింది. మధ్యలో కరోనా లాక్‌డౌన్ వచ్చి మార్కెట్ మొత్తం కుప్పకూలినా, ఈ షేరు చాలా రోజులు 5 శాతం అప్పర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో ధర పెరగడానికి ఎక్స్ఛేంజ్ పెట్టిన పరిమితి, కొడుతూనే పోయింది. వంటనూనె అమ్మే కంపెనీ వ్యాపారం ఐదు నెలల్లో తొంభై రెట్లు పెరగదు కదా. మరి ధర ఎందుకు పెరిగింది? జవాబు ఆ కంపెనీ షేర్‌హోల్డింగ్ పట్టికలోనే ఉంది. మొత్తం 29.58 కోట్ల షేర్లలో సుమారు 99 శాతం ప్రమోటర్ల దగ్గర ఉంది. మార్కెట్లో చేతులు మారడానికి మిగిలింది, అంటే ఫ్రీ ఫ్లోట్, దాదాపు ఒక్క శాతమే.

ఇలాంటి షేరును కొనకముందే గుర్తుపట్టడానికి ఒక అరగంట చాలు. లెక్కలు ఎనిమిదో తరగతి స్థాయివే. నేను ఏ చిన్న కంపెనీ షేరు చూసినా చేసే పని ఇదే, ఇదే వరుసలో చేస్తాను.

ముందు మార్కెట్ క్యాప్ అంటే ఏమిటో సరిగ్గా పట్టుకోండి

చివరిగా జరిగిన ట్రేడ్ ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే మార్కెట్ క్యాప్ వస్తుంది. ఇందులో మొత్తం షేర్లూ లెక్కలోకి వస్తాయి కానీ, ధరను తేల్చేది మాత్రం ఆ క్షణంలో చేతులు మారిన కొన్ని షేర్లే.

మన దగ్గర వెంచర్లలో ప్లాట్ల ధర ఎలా పుడుతుందో గుర్తు తెచ్చుకోండి. వంద ప్లాట్ల వెంచర్‌లో 99 ప్లాట్లు ఒకే కుటుంబం చేతిలో ఉన్నాయి, వాళ్లు అమ్మరు. మిగిలిన ఒక్క ప్లాట్‌ను రోడ్డు పక్కన ఉందనో, వాస్తు కుదిరిందనో ఎవరో గజం 40 వేలు పెట్టి కొన్నారు. మర్నాటి నుంచి వంద ప్లాట్లకూ గజం 40 వేలే అంటారు. ఆ రేటుతో గుణిస్తే వెంచర్ విలువ కోట్లలో కనిపిస్తుంది. నిజంగా చేతులు మారిన డబ్బు ఒక్క ప్లాట్‌ది. ఆ కుటుంబం తమ ప్లాట్లలో ఇరవై అమ్మకానికి పెడితే గజం 40 వేలకు కొనేవాళ్లు దొరుకుతారా అన్నది ఎవరూ పరీక్షించలేదు.

రుచి సోయా అంకెలతో ఇదే లెక్క వేయండి. 16 రూపాయల దగ్గర మార్కెట్ క్యాప్ సుమారు 473 కోట్లు. అందులో ఒక్క శాతం, అంటే జనం దగ్గరున్న దాదాపు 29.6 లక్షల షేర్ల విలువ 4.7 కోట్లు. హైదరాబాద్‌లో ఒక మంచి ఇంటి ఖరీదు అంత. 1,500 దగ్గర మార్కెట్ క్యాప్ 44 వేల కోట్లు దాటింది. ఆ ధర దగ్గర కూడా జనం చేతిలోని షేర్ల విలువ సుమారు 444 కోట్లే. ధర ఒక్క రూపాయి కదిలినప్పుడల్లా మార్కెట్ క్యాప్‌కు 29.58 కోట్లు చేరేది. ఆ రూపాయిని కదిలించడానికి చిన్న కొనుగోలు సరిపోయేది.

ఇప్పుడు మీ షేరు ఫ్లోట్ తీయండి

ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే ట్రేడ్ సమాచారం దగ్గర Total Market Cap, Free Float Market Cap అని రెండు అంకెలు కనిపిస్తాయి. బీఎస్‌ఈలో ఇవే Mcap Full, Mcap FF పేర్లతో ఉంటాయి. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే ఎక్స్ఛేంజ్ దృష్టిలో ఫ్లోట్ ఎంత శాతమో వచ్చేస్తుంది. సెన్సెక్స్ 2003 సెప్టెంబర్ నుంచి, నిఫ్టీ 2009 జూన్ నుంచి కంపెనీల బరువును ఈ ఫ్రీ ఫ్లోట్ విలువ ప్రకారమే లెక్కిస్తున్నాయి. అమ్మకానికి రాని షేర్లకు ఇండెక్స్‌లో బరువు ఇస్తే, ఇండెక్స్ ఫండ్లు లేని సరుకు కోసం ఎగబడాల్సి వస్తుంది. ఆ మార్పుకు కారణం అదే.

ఎక్స్ఛేంజ్ ఇచ్చిన అంకె దగ్గరే ఆగకండి. కంపెనీ పేజీలోనే Shareholding Pattern తెరవండి. ప్రతి మూడు నెలలకూ, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోపు కంపెనీలు దీన్ని ఇవ్వాలి. ప్రమోటర్లకు ఒక పట్టిక, పబ్లిక్‌కు ఇంకో పట్టిక ఉంటాయి. చాలామంది ప్రమోటర్ల శాతం చూసి, వందలోంచి తీసేసి, అదే ఫ్లోట్ అనుకుంటారు. అసలు పని పబ్లిక్ పట్టికలో ఉంటుంది.

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. మొత్తం షేర్లు 10 కోట్లు, ధర 211.50 రూపాయలు, మార్కెట్ క్యాప్ 2,115 కోట్లు. ప్రమోటర్లకు 74.9 శాతం ఉంది. మన దేశంలో లిస్టెడ్ కంపెనీకి కనీసం 25 శాతం పబ్లిక్ వాటా ఉండాలన్నది నిబంధన కాబట్టి, గీత మీద నిలబడిన ఇలాంటి కంపెనీలు చాలానే కనిపిస్తాయి. కాగితం మీద ఫ్లోట్ 25.1 శాతం, అంటే 2.51 కోట్ల షేర్లు, 531 కోట్ల విలువ. ఇప్పుడు పబ్లిక్ పట్టికలో కిందికి వెళ్లండి.

ఒక శాతం కంటే ఎక్కువ షేర్లున్న వాళ్ల పేర్లు విడిగా ఇవ్వాలి. అక్కడ మూడు ప్రైవేట్ కంపెనీల పేర్లు ఉన్నాయి, ముగ్గురికీ కలిపి 1.10 కోట్ల షేర్లు. గత ఎనిమిది త్రైమాసికాల పట్టికలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ అంకె ఒక్క షేరు కూడా మారలేదు. చట్టం దృష్టిలో వాళ్లు పబ్లిక్. మీ లెక్కలో వాళ్లను తీసేయండి, ఎందుకంటే వాళ్ల షేర్లు మార్కెట్లోకి రావడం లేదు. వాళ్లు ప్రమోటర్ల మనుషులని నేను అనడం లేదు. అది నిరూపించడం మన పని కాదు, అమ్మడం లేదని తెలిస్తే మనకు చాలు.

తర్వాత, డీమ్యాట్ రూపంలో ఎన్ని షేర్లు ఉన్నాయో చూపే గడి చూడండి. పాత కంపెనీల్లో తాతలు కొని బీరువాలో పెట్టిన కాగితం సర్టిఫికెట్లు ఇంకా ఉంటాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం షేర్లను అమ్మి ఇంకొకరి పేరుకు మార్చడం కుదరదు, ముందు డీమ్యాట్ చేయించాలి. మన ఉదాహరణలో అవి 40 లక్షలు. ఏడేళ్లు వరుసగా డివిడెండ్ ఎవరూ తీసుకోకపోతే షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. అవి ఇంకో 11 లక్షలు. ఈ రెండూ తీసేయండి.

```
పబ్లిక్ మొత్తం           2,51,00,000
కదలని పెద్ద వాటాలు     - 1,10,00,000
కాగితం షేర్లు           -   40,00,000
ఐఈపీఎఫ్               -   11,00,000
నిజంగా తిరిగేవి           90,00,000
```

25.1 శాతం అనుకున్న ఫ్లోట్ 9 శాతానికి దిగింది. విలువ 531 కోట్లు కాదు, 190 కోట్లు.

కొత్తగా ఐపీఓకి వచ్చిన కంపెనీల్లో ఇంకొక మెలిక ఉంటుంది. ఐపీఓకి ముందే షేర్లు కొన్న ప్రమోటర్లు కాని వాళ్లను పబ్లిక్ కిందే చూపిస్తారు, కానీ సాధారణంగా వాళ్ల షేర్లకు ఆరు నెలల లాక్ ఇన్ ఉంటుంది, అంటే అప్పటివరకు అమ్మలేరు. ఐపీఓ తెరవడానికి ముందే వాటా తీసుకునే పెద్ద సంస్థలు, అంటే యాంకర్ ఇన్వెస్టర్ల షేర్లలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు. అందుకే లిస్టింగ్ అయిన మొదటి నెలలో నిజమైన ఫ్లోట్ పట్టికలో కనిపించే దానికంటే చాలా చిన్నది. మొదటి వారాల్లో ఐపీఓ షేర్లు అంతగా ఎగరడానికి ఇది పెద్ద కారణం. లాక్ ఇన్‌లో ఉన్న షేర్లకు పట్టికలో విడిగా గడి ఉంటుంది, దాన్నీ తీసేసి లెక్క వేయండి.

శాతం దగ్గర ఆగకుండా రూపాయల్లోకి మార్చండి

శాతం ఒక్కటే చూస్తే తప్పుదారి పడతారు. ఎల్‌ఐసీలో ప్రభుత్వానికి 96.5 శాతం ఉంది, 2022 మే ఐపీఓలో జనానికి అమ్మింది 3.5 శాతమే. శాతం చూస్తే రుచి సోయాకు చుట్టంలా ఉంది. కానీ ఆ 3.5 శాతం అంటే 22 కోట్లకు పైగా షేర్లు, 949 రూపాయల ఇష్యూ ధర దగ్గర సుమారు 21 వేల కోట్లు. లక్షల మంది చేతుల్లో ఉంది. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు రోజంతా దొరుకుతారు. ఎల్‌ఐసీ షేరు పెరుగుతుంది, తగ్గుతుంది, కానీ ఒకడు పది లక్షలతో వచ్చి దాన్ని సర్క్యూట్‌కు తోయలేడు.

అందుకే నేను చూసేది నిజమైన ఫ్లోట్ విలువ రూపాయల్లో ఎంత, అది ఎంతమంది చేతుల్లో ఉంది అన్నదే. షేర్‌హోల్డర్ల సంఖ్య కూడా అదే పట్టికలో ఉంటుంది. యాభై కోట్ల ఫ్లోట్ మూడు వేల మంది దగ్గర ఉంటే, ఒకరిద్దరు డబ్బున్న వాళ్లు కూడబలుక్కుని అందులో పెద్ద భాగాన్ని నెల రోజుల్లో ఊడ్చేయగలరు. ధరను కావాలని ఆడించే ఆపరేటర్లు చిన్న ఫ్లోట్ కంపెనీలనే వెతికి పట్టుకునేది అందుకే. ముందు ఫ్లోట్‌ను చేతిలోకి తీసుకుంటారు, తర్వాత టెలిగ్రామ్ గ్రూపుల్లో టిప్స్ మొదలవుతాయి.

ఆర్డర్ బుక్ దగ్గర కూర్చోండి

ధర ఎందుకు ఎగిరిపడుతుందో అర్థం కావాలంటే, ఏ మధ్యాహ్నమో బ్రోకర్ యాప్‌లో మార్కెట్ డెప్త్ తెరిచి పది నిమిషాలు చూడాలి. కొనేవైపు ఐదు వరుసలు, అమ్మేవైపు ఐదు వరుసలు కనిపిస్తాయి. మన ఊహా కంపెనీలో అమ్మేవైపు ఇలా ఉందనుకోండి. నిన్నటి ముగింపు, చివరి ట్రేడ్ రెండూ 211.50 దగ్గరే.

```
212.00     40
212.90    150
214.50    300
218.00    500
221.95    900
```

మీరు 1,500 షేర్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టారు. మొదటి 40 షేర్లు 212కు వస్తాయి, తర్వాత 150, 300, 500 పై ధరల్లో వస్తాయి. ఇంకా 510 కావాలి, అవి 221.95కు దొరుకుతాయి. మొత్తం ఖర్చు సుమారు 3.27 లక్షలు, సగటు ధర దాదాపు 218. స్క్రీన్ మీద 212 చూసి కొన్నారు, చేతికి 218కి వచ్చింది. ఈ ఆరు రూపాయల తేడా ఏ బిల్లులోనూ విడిగా కనిపించదు, కానీ బ్రోకరేజీ కంటే ఎన్నో రెట్లు పెద్దది.

ఇప్పుడు చివరి ట్రేడ్ ధర 221.95. షేరు 4.9 శాతం పెరిగినట్టు, దాదాపు అప్పర్ సర్క్యూట్ కొట్టినట్టు అందరి యాప్‌లలో పచ్చగా కనిపిస్తుంది. 10 కోట్ల షేర్లతో గుణిస్తే మార్కెట్ క్యాప్ 104 కోట్లకు పైగా పెరిగింది. 3.27 లక్షల ఆర్డర్‌తో 104 కోట్లు. కంపెనీ ఖాతాలోకి మాత్రం ఒక్క రూపాయి కూడా కొత్తగా రాలేదు.

పెద్ద ఫ్లోట్ ఉన్న షేరులో ప్రతి పది పైసలకూ వేల షేర్లు వరుసగా నిలబడి ఉంటాయి, మీ 1,500 షేర్లు మొదటి వరుసలోనే సర్దుకుపోతాయి. చిన్న ఫ్లోట్‌లో వరుసల మధ్య ఖాళీలు ఎక్కువ, ధర ఆ ఖాళీల మీదుగా దూకుతుంది. పైగా మామూలుగా ధర అతిగా పెరిగితే షార్ట్ చేసేవాళ్లు, అంటే చేతిలో లేని షేరును ముందు అమ్మి తర్వాత కొనేవాళ్లు, వచ్చి అమ్ముతారు, అది ఒక బ్రేకులా పనిచేస్తుంది. ఫ్యూచర్స్ లేని షేరులో, అందులోనూ ట్రేడ్ టు ట్రేడ్ విభాగంలో పెట్టిన షేరులో ప్రతిదీ డెలివరీ తీసుకోవాల్సిందే కాబట్టి ఆ బ్రేకు ఉండదు. రుచి సోయా వంటి షేర్లలో అమ్మగలిగేది ప్రమోటర్లు, వాళ్లు అమ్మలేదు. మిగిలిన ఒక్క శాతం వాళ్లు రోజూ సర్క్యూట్ కొడుతుంటే ఎందుకు అమ్ముతారు? రోజుకు 5 శాతం చొప్పున 93 రోజులు పెరిగితే 16 రూపాయలు 1,500 అవుతుంది. జనవరి ఆఖరు నుంచి జూన్ ఆఖరు వరకు ఉన్నవి సుమారు వంద ట్రేడింగ్ రోజులు.

కాబట్టి చిన్న ఫ్లోట్ షేరులో మార్కెట్ ఆర్డర్ ఎప్పుడూ పెట్టకండి. లిమిట్ ఆర్డర్ పెట్టండి, దొరికినన్ని తీసుకోండి, మిగిలినవి రేపు చూసుకోండి. ఎన్‌ఎస్‌ఈ పేజీలో Impact Cost అని ఒక అంకె ఉంటుంది. ఇప్పుడు చూసిన ఆ 212, 218 తేడా లాంటిదే అది, శాతంలో. నిఫ్టీ 50లో చేరాలంటే 10 కోట్ల రూపాయల పోర్ట్‌ఫోలియో మీద ఆ ఖర్చు అర శాతం దాటకూడదని నియమం. మీ షేరు అంకెను దాని పక్కన పెట్టి చూస్తే ఎక్కడున్నారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

బయటికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ముందే లెక్క వేయండి

కొనడం సులువు. చిన్న ఫ్లోట్ అసలు రంగు అమ్మేటప్పుడు బయటపడుతుంది. ఎన్‌ఎస్‌ఈలో రోజువారీ డెలివరీ పరిమాణం దొరుకుతుంది. గత నెల రోజులది తీసి సగటు వేయండి. మొత్తం వాల్యూమ్ తీసుకోకండి, అందులో ఉదయం కొని మధ్యాహ్నం అమ్మినవి కూడా కలిసి ఉంటాయి.

మన ఉదాహరణలో సగటు డెలివరీ రోజుకు 18 వేల షేర్లు అనుకుందాం. ధరను పెద్దగా కదిలించకుండా అందులో పదో వంతు, అంటే 1,800 మీరు అమ్మగలరని పెట్టుకోండి. ఈ పదో వంతు నా సొంత కొలత, మీరు ఇంకా తక్కువ పెట్టుకున్నా తప్పులేదు. 5 లక్షలు పెడితే మీ దగ్గర సుమారు 2,360 షేర్లు ఉంటాయి, బయటికి రావడానికి రెండు రోజులు. 20 లక్షలు పెడితే 9,450 షేర్లు, ఆరు రోజులు. ఇది మంచి రోజుల లెక్క.

చెడ్డ రోజుల్లో కొనేవైపు సున్నా ఉంటుంది. ఒకసారి నేను ఇలాంటి షేరులో ఇరుక్కున్నాను. కంపెనీ ఫలితాలు బాగాలేవు, ఉదయం 9 గంటలకు ప్రీ ఓపెన్‌లోనే లోయర్ సర్క్యూట్ ధర దగ్గర మూడు లక్షల షేర్లు అమ్మకానికి నిలబడ్డాయి. కొనేవైపు ఐదు వరుసలూ ఖాళీ. స్టాప్ లాస్ పెట్టుకున్నాను కదా అని ధైర్యంగా ఉన్నాను. స్టాప్ లాస్ సమయానికి పేలింది కూడా, కానీ కొనేవాడు లేకపోతే అది క్యూలో ఇంకో ఆర్డర్‌గా నిలబడుతుంది, అంతే. మర్నాడు, ఆ మర్నాడు కూడా అదే. వరుసగా ఐదు రోజులు 5 శాతం చొప్పున పడితే మన ఊహా కంపెనీ 211.50 ధర సుమారు 164 అవుతుంది, 22 శాతానికి పైగా పోతుంది. సర్క్యూట్ దగ్గర ధర అందరిదీ ఒకటే కాబట్టి ముందు ఆర్డర్ పెట్టిన వాడిదే ముందు అమ్ముడవుతుంది. అలాంటి రోజుల్లో చేయగలిగింది ఒకటే, ప్రీ ఓపెన్ మొదలయ్యే 9 గంటలకల్లా ఆర్డర్ వరుసలో ఉండేలా చూసుకోవడం. తొమ్మిదిన్నరకు తీరిగ్గా యాప్ తెరిస్తే ఆ రోజు పోయినట్టే.

అందుకే పెట్టుబడి ఎంత పెట్టాలో ఈ లెక్క వెనక నుంచి తేల్చుకోండి. మూడు రోజుల్లో బయటపడాలనుకుంటే రోజుకు 1,800 చొప్పున 5,400 షేర్లు, అంటే 11.4 లక్షలకు మించి ఆ షేరులో పెట్టకూడదు, కంపెనీ ఎంత నచ్చినా సరే.

ఫ్లోట్ పెరిగే తేదీలు రాసి పెట్టుకోండి

చిన్న ఫ్లోట్ ఎల్లకాలం చిన్నగా ఉండదు. లాక్ ఇన్ ముగిసే తేదీలు, ప్రమోటర్లు వాటా తగ్గించుకోవాల్సిన గడువులు ముందే తెలుస్తాయి. ఆ రోజు కొత్త సరుకు వస్తుంది, చిన్న సరుకు మీద నిలబడిన ధరకు అదే అసలైన పరీక్ష. ప్రమోటర్ల తాకట్టు షేర్ల గడిని కూడా చూడండి. అప్పు ఇచ్చినవాళ్లు వాటిని అమ్మితే అవి ఏ తేదీ చెప్పకుండా ఫ్లోట్‌లోకి వచ్చి పడతాయి.

రుచి సోయాకు ఈ పరీక్ష 2022 మార్చిలో వచ్చింది. లిస్ట్ అయిన కంపెనీ మళ్లీ జనానికి షేర్లు అమ్మే ఎఫ్‌పీఓలో 6.6 కోట్ల కొత్త షేర్లు, 650 రూపాయల చొప్పున, మొత్తం 4,300 కోట్లు. అప్పటివరకు తిరుగుతున్న షేర్లకు ఇరవై రెట్లు దాటి సరుకు ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చింది, అదీ అప్పటి మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు. ప్రమోటర్ల వాటా సుమారు 81 శాతానికి దిగింది. తర్వాత కంపెనీ పేరు పతంజలి ఫుడ్స్‌గా మారింది. 25 శాతం పబ్లిక్ వాటా గడువు దాటిందని 2023 మార్చిలో ఎక్స్ఛేంజ్‌లు ప్రమోటర్ల షేర్లను స్తంభింపజేశాయి. ఆ ఏడాది జూలైలో ప్రమోటర్లు మరో 7 శాతం జనానికి అమ్మి గడువు లెక్క తీర్చారు. దివాలా నుంచి బయటికి వచ్చే కంపెనీలకు కూడా నిబంధన బిగించారు. 2021 నుంచి అలాంటి కంపెనీ మళ్లీ లిస్ట్ కావాలంటే మొదటి రోజుకే కనీసం 5 శాతం పబ్లిక్ వాటా ఉండాలి, ఏడాదిలో 10, మూడేళ్లలో 25 శాతం కావాలి.

మీ దగ్గరున్న ప్రతి చిన్న కంపెనీకి ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: నిజమైన ఫ్లోట్ ఎన్ని షేర్లు, రూపాయల్లో ఎంత, సగటు రోజు డెలివరీ ఎంత, మీరు బయటికి రావడానికి ఎన్ని రోజులు. కింద తర్వాతి లాక్ ఇన్ లేదా గడువు తేదీ రాయండి. కొత్త షేర్‌హోల్డింగ్ పట్టికలు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో 21వ తేదీకల్లా వస్తాయి, ఆ వారంలో కాగితం తీసి మళ్లీ లెక్క వేయండి. ఎనిమిది త్రైమాసికాలుగా కదలని ఆ మూడు ప్రైవేట్ కంపెనీల అంకె మొదటిసారి తగ్గిందని ఒక జూలైలో కనిపిస్తే, ఫ్లోట్ గడిని వెంటనే సరిచేసుకోండి. అమ్మనివాళ్లు అమ్మడం మొదలుపెట్టారు.